బ్లాక్ హోల్ చీకటి కదా, మరి క్వాసార్‌కు అంత వెలుగు ఎక్కడిది?

ప్రశ్న: "బ్లాక్ హోల్ నుంచి వెలుగు కూడా బయటకు రాదంటారు. మళ్లీ క్వాసార్ మధ్యలో ఉండేది బ్లాక్ హోలే అనీ, అది మొత్తం గెలాక్సీ కన్నా ఎక్కువ వెలుగిస్తుందనీ అంటారు. రెండూ ఎలా నిజమవుతాయి? అక్కడ సూర్యుడిలో లాగా ఏమైనా మండుతోందా? మాది చిత్తూరు, డిగ్రీ ఫిజిక్స్ చదువుతున్నాను, లెక్కతో చెప్పినా పర్వాలేదు."

సూటిగా చెప్పేస్తాను. ఆ వెలుగు బ్లాక్ హోల్ లోపలి నుంచి రావడం లేదు. తిరిగిరాని గీత ఒకటుంటుంది కదా, దాన్ని దాటకముందే, బయట చుట్టూ తిరుగుతూ లోపలికి జారుతున్న వాయువు నుంచి వస్తోంది. అక్కడ ఏదీ మండడం లేదు, సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీనంతో దీనికి సంబంధం లేదు. పడిపోవడమే ఇంధనం. ఒక వస్తువు ఎత్తు నుంచి కిందికి వస్తే శక్తి విడుదలవుతుంది. బ్లాక్ హోల్ దగ్గర ఆ "ఎత్తు" ఎంత లోతుగా ఉంటుందంటే, సంలీనం కూడా దాని ముందు చిన్నబోతుంది.

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను, వీలున్న రాత్రుల్లో టెలిస్కోపు పెట్టుకుని కూర్చుంటాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది, అడిగినవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట తడబడతారు. "పడితే శక్తి వస్తుంది సరే, ఆ శక్తి కూడా వస్తువుతో పాటు లోపలికే పోవాలి కదా" అంటారు. చాలా మంచి అనుమానం. నిజంగానే ఒక రాయిని బ్లాక్ హోల్‌లోకి నేరుగా వదిలితే, అది వేగం పెంచుకుంటూ పోయి ఆ వేగంతోనే లోపల పడుతుంది, బయటికి దాదాపు ఏమీ రాదు. వెలుగు రావాలంటే ఆ పడడం నెమ్మదిగా, రాపిడితో జరగాలి.

తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డులో బస్సును గుర్తు చేసుకోండి. కొండమీద ఉన్నప్పుడు ఆ ఎత్తు వల్ల బస్సుకు స్థితిశక్తి ఉంటుంది. అలిపిరికి వచ్చి ఆగేసరికి ఆ శక్తి బస్సులో లేదు, వేగంగానూ మిగల్లేదు. అదంతా బ్రేకులు వేడెక్కడానికే పోయింది. వరసగా మలుపులు దిగాక ఆ వాసన మీకూ తెలిసే ఉంటుంది. క్వాసార్‌లో వాయువు చేసేది ఇదే పని. ఎత్తు తగ్గే కొద్దీ పోగొట్టుకున్న శక్తిని వేడిగా మార్చి బయటకు వెలుగుగా పంపుతుంది. తేడా అంతా దిగే లోతులో ఉంది. మన కొండ ఏడెనిమిది వందల మీటర్ల దిగువ, కిలోకు ఏడెనిమిది వేల జౌళ్లు వస్తాయి. బ్లాక్ హోల్ దగ్గర ఎంత వస్తుందో ఇప్పుడు లెక్క వేద్దాం.

లెక్క

బ్లాక్ హోల్ చుట్టూ ఎంత దగ్గరగానైనా తిరుగుతూ ఉండలేం. తన చుట్టూ తాను తిరగని బ్లాక్ హోల్ అయితే 6GM/c² దూరం వరకే స్థిరమైన కక్ష్య ఉంటుంది. ఆ లోపలికి వచ్చిన వాయువు ఇక గుండ్రంగా తిరగలేదు, జర్రున లోపలికి జారిపోతుంది. కాబట్టి వాయువు తన శక్తిని బయటికి ఇవ్వగలిగేది దాదాపుగా ఆ చివరి కక్ష్య దాకానే. మీరు ఇంటర్‌లో నేర్చుకున్న న్యూటన్ సూత్రాలతోనే చేయండి:

```
r = 6GM/c²
పోయిన స్థితిశక్తి   = GMm/r = mc²/6
మిగిలిన గతిశక్తి    = GMm/2r = mc²/12
బయటికి వచ్చేది     = mc²/6 − mc²/12 = mc²/12 ≈ 0.083 mc²
```

సగం శక్తి కక్ష్యలో తిరిగే వేగంగా మిగిలి వాయువుతో పాటు లోపలికి పోయింది, మిగతా సగం బయటికి వచ్చింది. శక్తి కూడా లోపలికే పోవాలి కదా అన్న పిల్లల అనుమానంలో సగం నిజమన్నమాట. అంత దగ్గర న్యూటన్ సరిపోడు, సాపేక్షతా సిద్ధాంతంతో సరిగ్గా చేస్తే 8.3% కాదు, 5.7% వస్తుంది. బ్లాక్ హోల్ వేగంగా తిరుగుతూ ఉంటే, వాయువు కూడా అదే దిశలో తిరిగితే, చివరి కక్ష్య ఇంకా లోపలికి జరుగుతుంది. అప్పుడు ఈ శాతం పెరుగుతుంది, సిద్ధాంతం ప్రకారం గరిష్ఠంగా 42% దాకా పోవచ్చు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు మామూలు లెక్కలకు 10% అని పట్టుకుంటారు, నేనూ అదే వాడతాను.

ఇప్పుడు పోల్చండి. హైడ్రోజన్ సంలీనం చెంది హీలియం అయితే ద్రవ్యరాశిలో 0.7% మాత్రమే శక్తిగా మారుతుంది. అంటే కిలోకు 7 గ్రాములు. బ్లాక్ హోల్ అంచుదాకా దిగితే కిలోకు దాదాపు 100 గ్రాములు. పైగా అది హైడ్రోజనే కానక్కర్లేదు. ఇనుమైనా, దుమ్మైనా, నక్షత్రం ముక్కలైనా ఒకటే, ఎందుకంటే ఇక్కడ పనిచేసేది బరువు మాత్రమే.

పై లెక్కలో ఇంకొకటి గమనించారా? చివరి వరసలో M లేదు, కొట్టేసుకుపోయింది. బ్లాక్ హోల్ సూర్యుడికి పది రెట్లున్నా, పదికోట్ల రెట్లున్నా కిలోకు వచ్చే శక్తి ఒకటే. మరి పెద్దది ఎందుకు కావాలి? దానికి వేరే కారణం ఉంది, కాసేపట్లో వస్తాను.

ఒక్క క్వాసార్‌ను పట్టుకుని చూద్దాం

3C 273 అని కన్యారాశిలో ఉంది. 1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుతో సిరిల్ హజార్డ్ బృందం, చంద్రుడు దాన్ని మరుగుపరిచే క్షణాలను చూసి దాని స్థానాన్ని కచ్చితంగా గుర్తించింది. 1963లో మార్టెన్ ష్మిట్ దాని వర్ణపటం చూసి, అర్థంకాని ఆ గీతలు మామూలు హైడ్రోజన్ గీతలేనని, కాకపోతే 15.8% ఎరుపు వైపు జరిగాయని పట్టుకున్నాడు. అంటే అది మన పాలపుంతలోని నక్షత్రం కాదు, సుమారు 240 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంత దూరంలో ఉండి కూడా చిన్న టెలిస్కోపుకు అందుతోందంటే వెలుగు ఎంతుండాలి? సుమారు 4 లక్షల కోట్ల సూర్యులంత. దాన్ని తెచ్చి 33 కాంతి సంవత్సరాల దూరంలో పెడితే మన ఆకాశంలో ఇంకో సూర్యుడిలా వెలుగుతుంది. మన పాలపుంత మొత్తం వెలుగు కొన్ని వేల కోట్ల సూర్యుల స్థాయిలో ఉంటుంది కాబట్టి ఇది దానికి వంద రెట్లు అనుకోవచ్చు.

దీనికి ఎంత తిండి కావాలి? ఏడాదికి ఒక సూర్యుడంత బరువు, అంటే 2×10³⁰ కిలోలు, లోపలికి జారిందనుకోండి. అందులో 10% శక్తిగా మారితే E = mc² ప్రకారం 1.8×10⁴⁶ జౌళ్లు. ఏడాదిలో ఉండే 3.15×10⁷ సెకన్లతో భాగిస్తే 5.7×10³⁸ వాట్లు. సూర్యుడు 3.8×10²⁶ వాట్లు. భాగిస్తే ఒకటిన్నర లక్షల కోట్ల సూర్యులు. కాబట్టి 3C 273కి ఏడాదికి సుమారు మూడు సూర్యుల బరువు చాలు. నిమిషానికి రెండు భూములన్నమాట. వినడానికి భయంగా ఉంటుంది గానీ గెలాక్సీ స్థాయిలో అది పెద్ద తిండి కాదు. ఒక గెలాక్సీలో వందలు, వేల కోట్ల సూర్యులంత వాయువు ఉంటుంది.

అదే వెలుగును సంలీనంతో తేవాలంటే పద్నాలుగు రెట్లు ఎక్కువ పదార్థం కావాలి, అదీ ఏడాదికేడాది మొత్తం కాలిపోవాలి. నక్షత్రాలు అలా కాల్చవు. సూర్యుడు తన హైడ్రోజన్‌లో పదో వంతు కాల్చడానికే వెయ్యి కోట్ల సంవత్సరాలు తీసుకుంటాడు.

"ఏమో, అక్కడ లక్షల కోట్ల నక్షత్రాలు కిక్కిరిసి ఉన్నాయేమో" అనే వాదన

ఇది పాత వాదనే, కొట్టిపారేయాల్సినది కాదు. దీన్ని దెబ్బతీసింది వెలుగు మారే తీరు. 3C 273ని ష్మిట్ గుర్తించగానే, హార్వర్డ్‌లో 1887 నుంచి దాచిపెట్టిన పాత ఫొటో పలకలు తీసి చూశారు. అది అప్పటి నుంచే ఫొటోల్లో ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఆ పలకల్లో దాని వెలుగు ఏళ్లలోనే కాదు, నెలల్లో కూడా హెచ్చుతగ్గులైంది. ఒక వస్తువు ఒక నెలలో స్పష్టంగా మసకబారాలంటే, దాని ఈ చివర నుంచి ఆ చివరకు కబురు నెలలోపు అందాలి. కబురు వెలుగు కన్నా వేగంగా పోదు. కాబట్టి ఆ వెలుగులో ప్రధాన భాగం ఒక కాంతి నెల కన్నా పెద్దది కాని చోటు నుంచి వస్తోంది. లక్ష కాంతి సంవత్సరాల పాలపుంతకు వంద రెట్ల వెలుగు, కాంతి నెలంత చోటులో. అంత చిన్న చోటులో అన్ని లక్షల కోట్ల నక్షత్రాలను కుక్కలేం. కుక్కినా ఒకదాన్నొకటి గుద్దుకుని అవీ చివరికి బ్లాక్ హోల్‌గానే తేలతాయి.

1969లో డొనాల్డ్ లిండెన్-బెల్ ఇదే విషయాన్ని శక్తి లెక్కగా పెట్టాడు, నాకు అన్నిటికన్నా నచ్చే వాదన అదే. క్వాసార్ల శక్తి అణుశక్తి నుంచే వచ్చిందనుకుందాం, దానికి కావలసిన పదార్థాన్ని లెక్కకట్టి, అంత చిన్న చోటులో పోగేద్దాం అన్నాడు. అలా పోగేస్తే, ఆ పోగు కావడంలోనే విడుదలయ్యే గురుత్వశక్తి అణుశక్తి కన్నా ఎక్కువ తేలింది. ఇక అణుశక్తితో పనేముంది?

చివరగా 2018లో చిలీలోని నాలుగు పెద్ద టెలిస్కోపుల వెలుగును కలిపి చూసే గ్రావిటీ అనే పరికరం, 3C 273 మధ్యలో తిరుగుతున్న వాయువునే కొలిచింది. వాయువు ఒక పక్క మన వైపు వస్తోంది, ఇంకో పక్క దూరం పోతోంది, అంటే గుండ్రంగా తిరుగుతోంది. ఆ వాయువు మధ్య నుంచి ఉన్న దూరం, వేగం తెలిస్తే మధ్యలో ఎంత బరువుందో చెప్పొచ్చు, మనం గ్రహాలతో సూర్యుడి బరువు కట్టినట్టే. వచ్చిన జవాబు సుమారు 26 కోట్ల సూర్యులు. వేరే పద్ధతుల్లో కొన్ని రెట్లు ఎక్కువ వచ్చింది, కాబట్టి ఈ అంకెను గట్టిగా పట్టుకోకండి. కానీ కోట్ల సూర్యుల స్థాయి అన్నది మాత్రం ఖాయం. ఆ బరువుకు తిరిగిరాని గీత మధ్య నుంచి దాదాపు 77 కోట్ల కిలోమీటర్లలో ఉంటుంది, మన బృహస్పతి కక్ష్యంత. ఇంత వెలుగుకూ మూలమైనది మన సౌరకుటుంబంలో ఇమిడిపోతుంది.

రాపిడి ఎక్కడ నుంచి వస్తుంది

గెలాక్సీలో వాయువు ఎప్పుడూ కొంచెమైనా పక్కకు కదులుతూనే ఉంటుంది కాబట్టి నేరుగా మధ్యలో పడదు. కోణీయ ద్రవ్యవేగం మారదు కదా, లోపలికి వచ్చే కొద్దీ ఇంకా వేగంగా తిరగాలి, చివరికి పల్చటి డిస్క్‌లా పరుచుకుంటుంది. డిస్క్‌లో లోపలి వరస వేగంగా, బయటి వరస నెమ్మదిగా తిరుగుతాయి. పక్కపక్క వరసలు ఒకదాన్నొకటి లాగితే లోపలిది వేగం కోల్పోయి ఇంకా లోపలికి జారుతుంది, దాని కోణీయ ద్రవ్యవేగం బయటి వరసకు పోతుంది.

ఇక్కడ చాలామంది "అణువులు ఒకదానికొకటి రాసుకుని" అని చెప్పేసి ముందుకు పోతారు. అది సరిపోదు. వాయువులో మామూలు స్నిగ్ధత ఎంత తక్కువంటే దాని మీదే ఆధారపడితే డిస్క్ విశ్వం వయసంతా గడిచినా కదలదు. పని చేసేది అయస్కాంత క్షేత్రం. లోపలి వరసనూ బయటి వరసనూ ఒకే క్షేత్రరేఖ పట్టుకుని ఉంటే, అవి విడిపోయే కొద్దీ ఆ రేఖ సాగుతుంది, సాగి లోపలిదాన్ని వెనక్కి లాగుతుంది, బయటిదాన్ని ముందుకు నెడుతుంది. ఈ చిన్న లాగుడు తనంతట తానే పెరిగి డిస్క్ మొత్తాన్ని అల్లకల్లోలం చేస్తుంది. ఈ అస్థిరతను 1960లోనే మన చంద్రశేఖర్ గణితంలో చూపించాడు, అంతకు ఏడాది ముందు రష్యాలో వెలిఖోవ్ కూడా. డిస్క్‌లకు ఇది ఎంత ముఖ్యమో 1991లో బాల్బస్, హాలీ చూపించేదాకా ఎవరికీ తట్టలేదు.

ఇంకో మాట. వీడియోల్లో ఈ డిస్క్ కోట్ల డిగ్రీల వేడి అని చెప్తుంటారు. సూర్యుడికి పది రెట్లుండే చిన్న బ్లాక్ హోల్‌కు కోటి డిగ్రీల స్థాయి నిజమే. పెద్దదానికి డిస్క్ వైశాల్యం విపరీతంగా ఎక్కువ, అందుకే కొన్ని పదివేల డిగ్రీల నుంచి లక్ష డిగ్రీల స్థాయిలోనే ఉంటుంది. వెలుగు ఎక్కువగా అతినీలలోహితంలో వస్తుంది. ఎక్స్-కిరణాలు వచ్చేది డిస్క్‌కు పైన ఉండే పల్చటి, మరీ వేడి వాయువు నుంచి.

అయితే పెద్ద బ్లాక్ హోలే ఎందుకు?

వెలుగుకు కూడా తోపుడు ఉంటుంది. వెలుగు మరీ పెరిగితే అది బయటికి నెట్టే బలం, లోపలికి లాగే గురుత్వాన్ని మించిపోతుంది, తిండి రావడం ఆగిపోతుంది. దీన్ని ఎడింగ్టన్ హద్దు అంటారు. సూర్యుడంత బరువున్న ప్రతి భాగానికీ సుమారు 32 వేల సూర్యుల వెలుగు, అంతకు మించి ఎక్కువకాలం నిలవదు. ఇప్పుడు 3C 273కి పెట్టి చూడండి. 4 లక్షల కోట్లను 32 వేలతో భాగిస్తే పన్నెండున్నర కోట్లు. అంటే అంత వెలుగు నిలకడగా ఇవ్వాలంటే బ్లాక్ హోల్ కనీసం 12 కోట్ల సూర్యుల పైనే ఉండాలి. గ్రావిటీ కొలిచింది 26 కోట్లు. వెలుగు నుంచి ఒక లెక్క, వాయువు వేగం నుంచి ఇంకో లెక్క, రెండూ విడివిడిగా చేసినవి, అయినా ఒకదానికొకటి సరిపోతున్నాయి. ఈ హద్దు గుండ్రంగా, అన్ని వైపులా సమంగా పడుతున్న వాయువుకు కట్టింది కాబట్టి కొంతకాలం దాటేవీ ఉంటాయి, కానీ మామూలుగా మరీ పెద్ద తేడా రాదు.

బరువుంటే చాలదు, అది కూడా చెప్పాలి. మన పాలపుంత మధ్యలో 43 లక్షల సూర్యుల బ్లాక్ హోల్ ఉంది. హద్దు ప్రకారం అది వేల కోట్ల సూర్యుల్లా వెలగొచ్చు. వెలుగుతోందా? కొన్ని వందల సూర్యుల స్థాయి, అంతే. ఒకటి, తిండి చాలా తక్కువ. రెండు, వచ్చే కొంచెం వాయువూ మరీ పల్చగా ఉండడంతో వేడెక్కినా ఆ వేడిని వెలుగుగా వదిలేలోపే లోపలికి పోతుంది. ఇక్కడ 10% లెక్క పనికిరాదు. పరీక్షలో ఎవరైనా "ప్రతి పెద్ద బ్లాక్ హోల్ క్వాసారే" అని రాస్తే నేను మార్కు కోస్తాను.

క్వాసార్ చుట్టూ ఉన్న గెలాక్సీ ఎటు పోయింది అని కూడా అడుగుతుంటారు. అక్కడే ఉంది. హబుల్ టెలిస్కోపులో మధ్య వెలుగును చిన్న తెరతో అడ్డుకుని చూస్తే 3C 273 చుట్టూ దాని గెలాక్సీ కనిపించింది. అడ్డు లేకపోతే మధ్యనున్న కాంతి మొత్తం ముంచేస్తుంది.

మీరు చిత్తూరే అన్నారు కాబట్టి, దీన్ని మీరే చూడొచ్చు. మార్చి చివర నుంచి మే దాకా రాత్రి తొమ్మిది, పది గంటలకు కన్యారాశి బాగా పైకి వస్తుంది. చిత్త నక్షత్రం కాదు, పోరిమా అనే నక్షత్రాన్ని పట్టుకోండి, దానికి వాయవ్యంగా ఐదు డిగ్రీల లోపే ఉంటుంది. ఫోన్‌లోని నక్షత్రపటం యాప్‌లో 3C 273 అని కొడితే చూపిస్తుంది. ప్రకాశ తరగతి సుమారు 12.9, కాబట్టి 8 అంగుళాల టెలిస్కోపు, చంద్రుడు లేని రాత్రి, ఊరి లైట్లకు దూరం, ఈ మూడూ కావాలి. తిరుపతిలో మేడ మీద నుంచి నాకు ఎప్పుడూ సరిగా దొరకలేదు, పలమనేరు అవతలికి పోతే దొరుకుతుంది. కనిపించేది మాత్రం మామూలు చిన్న నక్షత్రమే, డిస్కూ ఉండదు, రంగులూ ఉండవు, పిల్లలు "ఇంతేనా సార్" అంటారు. అందుకని ముందే పక్క నక్షత్రాల పటం ప్రింటు తీసుకుని పోండి, లేకపోతే ఏ చుక్క క్వాసారో తేల్చుకోలేక తిరిగి వచ్చేస్తారు.